రివిజన్ తేదీలు ఎలా వేసుకోవాలి? గ్రూప్‌-2 పాలిటీ చదివేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక పాఠం చదవడం పూర్తయ్యాక దాన్ని మళ్లీ ఎప్పుడు తెరవాలి? గ్రూప్‌-2 అభ్యర్థులకు పాలిటీ చెబుతున్న ఇన్నేళ్లలో నన్ను అందరికంటే ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. ప్రతి బ్యాచ్‌లోనూ అవే సందేహాలు, దాదాపు అవే మాటల్లో వస్తుంటాయి. అందుకని అన్నింటినీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఉదాహరణ కోసం అంతటా ఒకే అంశాన్ని తీసుకున్నాను: ప్రాథమిక హక్కుల్లోని ఆర్టికల్ 32, ఐదు రిట్లు. దాన్ని తొలిసారి చదివింది జూన్ 2న అనీ, పరీక్ష నవంబరు 15న అనీ అనుకుందాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

### తేదీలు వేసుకోవడానికి ముందు

నిన్న మూడు గంటలు చదివాను, ఈ రోజు సగం కూడా గుర్తు లేదు. నా జ్ఞాపకశక్తే తక్కువా?

కాదు. తొలిసారి చదివినదానిలో చాలా భాగం మొదటి రోజే జారిపోవడం అందరికీ జరిగేదే. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ దీన్ని తన మీద తానే ప్రయోగం చేసుకుని కొలిచి, 1885లో ప్రచురించాడు. అర్థంలేని అక్షరాల గుంపులను ఒక వరుసగా బట్టీ పట్టేవాడు. కొంత వ్యవధి గడిచాక అదే వరుసను మళ్లీ నేర్చుకుని, రెండోసారి ఎంత శ్రమ తగ్గిందో లెక్క వేసేవాడు. ఇరవై నిమిషాల తరువాత అయితే 58 శాతం శ్రమ ఆదా అయింది. గంట తరువాత 44 శాతం, ఒక రోజు తరువాత 34 శాతం, ఆరు రోజులకు 25 శాతం, నెలకు 21 శాతం.

ఈ అంకెలను గీతగా గీస్తే వచ్చేదే మరుపు రేఖ. మొదట్లో కొండ అంచులా దిగుతుంది, తరువాత దాదాపు చదునుగా సాగుతుంది. మొదటి గంటలో పోయినంత, ఆ తరువాతి నెలంతా కలిపినా పోలేదు. ఈ రోజు మీరు నిలబడి ఉన్నది ఆ నిటారు భాగంలో. రెండోసారి తెరవాల్సిన సమయం వచ్చిందని దానికి అర్థం, అంతే.

అంటే చదివినదానిలో నెల తరువాత 21 శాతమే మిగులుతుందా?

ఆ అంకెను అలా అర్థం చేసుకోకూడదు. అది గుర్తున్న భాగం కాదు, మళ్లీ నేర్చుకునేటప్పుడు ఆదా అయిన శ్రమ. తొలిసారి వంద నిమిషాలు పట్టిన పాఠం నెల తరువాత 79 నిమిషాల్లో వచ్చినట్టు లెక్క. పైగా ఎబ్బింగ్‌హాస్ నేర్చుకున్నవి అర్థంలేని అక్షరాలు. పాలిటీలో ఒక ఆర్టికల్‌కూ ఇంకొక ఆర్టికల్‌కూ సంబంధం ఉంటుంది, దాని వెనుక ఒక వివాదం ఉంటుంది, ఒక కారణం ఉంటుంది. అలాంటి విషయం అంత వేగంగా పోదు.

అందుకే ఆ శాతాలను మీ చదువుకు అంటగట్టుకోకండి. తీసుకోవలసింది రేఖ ఆకారాన్ని: మొదట వేగంగా, తరువాత నెమ్మదిగా. ఆ ఆకారం మీద అనుమానం అక్కర్లేదు. ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన మర్రే, డ్రోస్ అనే పరిశోధకులు అదే ప్రయోగాన్ని మళ్లీ చేసి 2015లో ప్రచురించినప్పుడు కూడా రేఖ దాదాపు అలాగే వచ్చింది.

తేదీల గొడవ ఎందుకు? రోజూ పాత నోట్సు అంతా ఒకసారి తిరగేస్తే సరిపోదా?

పది పాఠాల వరకు సరిపోతుంది. నలభై పాఠాలయ్యాక రోజు సరిపోదు, అప్పుడు ముందు పేజీలే పదేపదే చూసి వెనుక పేజీలను వదిలేస్తారు. నేను చూసిన నోట్సుల్లో చాలావాటికి మొదటి ముప్పై పేజీలు నలిగి మాసి ఉంటాయి, చివరి పేజీలు కొత్తగా మెరుస్తుంటాయి. ప్రవేశికను ఇరవైసార్లు చదివిన అభ్యర్థి పంచాయతీరాజ్‌ను రెండుసార్లే చూసి పరీక్షకు వెళతాడు.

ఇంకొక కారణం ఉంది. ఒకే రోజు ఎన్నిసార్లు చదివామన్నదానికంటే, ఆ చదవడాన్ని ఎన్ని రోజులకు విడదీశామన్నదే ఎక్కువ పని చేస్తుంది. ఎబ్బింగ్‌హాస్‌కు ఒకే రోజు 68 సార్లు వల్లె వేస్తే వచ్చిన ఫలితం, మూడు రోజులకు పంచితే 38 సార్లకే వచ్చింది. దాదాపు సగం శ్రమ. తేదీలు వేసుకోవడం ఆ మిగిలిన సగాన్ని కొత్త పాఠానికి దక్కించుకోవడానికే.

### తొలిసారి చదివిన రోజు

ఎంత భాగాన్ని ఒక అంశంగా లెక్క పెట్టుకోవాలి? అధ్యాయం మొత్తానికి ఒకే తేదీ వేయవచ్చా?

పుస్తకం మూసి, పావుగంటలో కాగితం మీద పెట్టగలిగినంత ఒక అంశం. ప్రాథమిక హక్కుల అధ్యాయానికి మొత్తంగా ఒకే తేదీ వేస్తే ఆ రోజు గంటన్నర పడుతుంది, అందువల్ల అది వాయిదా పడుతుంది. నేనైతే నాలుగుగా విడదీస్తాను: రాజ్యం నిర్వచనంతో కలిపి సమానత్వపు హక్కు వరకు ఒకటి, 19 నుంచి 22 వరకు ఒకటి, 23 నుంచి 30 వరకు ఒకటి, ఆర్టికల్ 32తో రిట్లు ఒకటి. విడదీయడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది. మీకు సమానత్వపు హక్కు బాగా వచ్చి, రిట్లు తడబడుతుంటే, తడబడేదానికి మాత్రమే తేదీలు దగ్గరగా పడతాయి.

చదివిన రోజు నోట్సు కాకుండా ఇంకేమైనా రాసుకోవాలా?

పది ప్రశ్నలు రాసుకోవాలి. జవాబులు పక్కన ఉండకూడదు, పేజీ వెనుక ఉండాలి. రివిజన్ రోజున ఎంత గుర్తుందో కొలవడానికి మీ దగ్గర ఉండే తూకం ఇదొక్కటే. అది లేకపోతే ‘బాగానే గుర్తుంది’ అన్న అభిప్రాయం మీద తదుపరి తేదీ వేస్తారు, ఆ అభిప్రాయం తరచూ తప్పుతుంది.

రిట్ల మీద నేను రాయించే ప్రశ్నల్లో కొన్ని చూడండి. ప్రైవేటు వ్యక్తి మీద కూడా జారీ చేయగల రిట్ ఏది? కింది కోర్టులో విచారణ సాగుతుండగా ఇచ్చేది ఏది, ఉత్తర్వు వెలువడ్డాక దాన్ని కొట్టివేయడానికి ఇచ్చేది ఏది? కో వారంటో కోసం నష్టపోయిన వ్యక్తే కోర్టుకు వెళ్లాలా? సుప్రీంకోర్టుకు 32 కింద ఉన్న అధికారం కంటే హైకోర్టుకు 226 కింద ఉన్న అధికారం ఏ విధంగా విస్తృతం? ఒక్కో ప్రశ్నకు ఒకటి రెండు వాక్యాల్లో జవాబు వచ్చేలా ఉండాలి. ‘రిట్ల గురించి రాయుము’ అన్న ప్రశ్నతో ఏదీ కొలవలేం.

### తేదీల లెక్క

మొత్తం ఎన్నిసార్లు రివిజన్ చేయాలి? ఏ తేదీల్లో?

నేను చెప్పే వరుస ఇది: 1 రోజు, 3 రోజులు, 7 రోజులు, 16 రోజులు, 35 రోజులు, సమయం ఉంటే ఆపైన 75 రోజులు. ప్రతి వ్యవధీ ముందుదానికి రెండు నుంచి మూడింతలు అవుతూ పోతుంది. కారణం మరుపు రేఖే. మొదట నిటారుగా దిగుతుంది కాబట్టి తొలి రివిజన్ మరునాడే ఉండాలి. గుర్తు చేసుకున్న ప్రతిసారీ రేఖ కొత్తగా మొదలవుతుంది, కానీ ఈసారి వాలు తగ్గి ఉంటుంది, కాబట్టి తరువాతి రివిజన్‌ను ఇంకొంచెం దూరం జరపవచ్చు.

రిట్లను జూన్ 2న చదివితే మరునాడు, అంటే జూన్ 3న మొదటి రివిజన్. అక్కడి నుంచి మూడు రోజులకు జూన్ 6. ఇంకో ఏడు రోజులకు జూన్ 13. పదహారు రోజులకు జూన్ 29. ముప్పై అయిదు రోజులకు ఆగస్టు 3. అక్కడి నుంచి 75 రోజులు వేస్తే అక్టోబరు 17 వస్తుంది. పరీక్ష నవంబరు 15న కాబట్టి ఆ తరువాత చివరి వారంలో ఒక్క చూపు చాలు. అయిదున్నర నెలల్లో ఏడు రివిజన్లు, అన్నీ కలిపినా గంటన్నరకు మించవు.

ఇవన్నీ సాఫీగా గుర్తొస్తేనే వచ్చే తేదీలు. మధ్యలో తడబడితే మారతాయి, మారాలి.

3 రోజులు, 7 రోజులు అన్నది చదివిన రోజు నుంచా, గత రివిజన్ నుంచా?

గత రివిజన్ నుంచి. ఈ గందరగోళం వల్ల తేదీలు చాలా తేడాగా పడతాయి. జూన్ 2న చదివిన అంశానికి ఏడు రోజుల రివిజన్ అంటే కొందరు జూన్ 9న వేస్తారు. గత రివిజన్ జూన్ 6న జరిగి ఉంటే అది మూడు రోజుల వ్యవధే అవుతుంది, ముందుదానికంటే ఏమీ పెరగలేదు. మరుపు తిరిగి మొదలయ్యేది మీరు చివరిసారి గుర్తు చేసుకున్న రోజు నుంచి కాబట్టి, లెక్క కూడా అక్కడి నుంచే.

తేదీలన్నీ మొదటి రోజే క్యాలెండర్‌లో రాసేసుకోవచ్చా?

దయచేసి వద్దు. ఎక్కువమంది పద్ధతి మూడో వారంలో కుప్పకూలేది ఇక్కడే. రంగురంగుల పట్టికలో ఆరు తేదీలు ముందే నింపుతారు. రెండో రివిజన్‌లో సగం మరిచిపోయినట్టు తేలుతుంది, కానీ పట్టికలో తరువాతి తేదీ వారం తరువాత ఉంటుంది, దాన్నే పాటిస్తారు. లేదా ఒక రోజు తప్పుతుంది, దాని వెనుక ఉన్న తేదీలన్నీ తప్పు అయిపోతాయి, కొట్టివేతలతో పట్టిక చదవడానికి వీల్లేకుండా పోతుంది.

ఒక్కో అంశానికి ఎప్పుడూ ఒక్క తేదీయే ఉండాలి, అది తరువాతిది. రోజుకొక పేజీ ఉన్న డైరీ తీసుకోండి. జూన్ 6న రిట్ల రివిజన్ పూర్తికాగానే, వచ్చిన మార్కులు చూసుకుని, జూన్ 13 పేజీకి వెళ్లి ‘రిట్లు, 7’ అని రాయండి. 7 అంటే ఎన్ని రోజుల వ్యవధి తరువాత వచ్చిందో గుర్తు. ఉదయం డైరీ తెరిస్తే ఆ రోజు చేయాల్సినవి ఆ పేజీలోనే ఉంటాయి.

రోజుకు ఎన్ని కొత్త అంశాలు చదవవచ్చు?

రోజుకు ఒక కొత్త అంశం చదివితే, రెండు నెలలయ్యేసరికి రోజుకు అయిదు రివిజన్లు వస్తాయి. ఎలాగంటే, 1, 3, 7, 16, 35 వ్యవధులను కూడుతూ పోతే రివిజన్లు చదివిన రోజు నుంచి 1వ, 4వ, 11వ, 27వ, 62వ రోజుల్లో పడతాయి. కాబట్టి 62 రోజులు గడిచాక ఏ రోజు చూసినా నిన్నటి అంశం, నాలుగు రోజుల కిందటిది, పదకొండు రోజుల కిందటిది, ఇలా అయిదు ఒకేసారి ఎదురు చూస్తుంటాయి. ఒక్కోదానికి పది పన్నెండు నిమిషాలు వేసుకున్నా గంట.

గ్రూప్‌-2కు పాలిటీ ఒక్కటే కాదు, చరిత్ర, ఆర్థిక వ్యవస్థ కూడా ఉన్నాయి. అన్ని సబ్జెక్టులూ కలిపి రోజుకు మూడు కొత్త అంశాలంటే రెండు నెలల తరువాత రోజుకు పదిహేను రివిజన్లు, దాదాపు మూడు గంటలు. ఉద్యోగం చేస్తూ చదివేవారికి అది సాధ్యం కాదు. మొదటి వారంలో రివిజన్లు రెండు మూడే ఉంటాయి కాబట్టి అందరూ రోజుకు అయిదారు కొత్త అంశాలతో మొదలుపెడతారు. ఆ వేగానికి జూలైలో బదులు చెప్పాల్సి వస్తుంది. మీరు రోజుకు రివిజన్‌కు ఇవ్వగల గంటలు ఎన్నో ముందు తేల్చుకోండి. గంటకు ఒక కొత్త అంశం చొప్పున లెక్క వేసుకోండి. వారంలో ఒక రోజు కొత్తది ఏదీ లేకుండా ఉంచితే మిగిలిపోయినవన్నీ ఆ రోజు తీరతాయి.

ఒకరు 1-7-30 అంటారు, ఒకరు 2-3-5-7 అంటారు. ఏది సరైనది?

ఏ వరుసకూ అంకె అంకెకూ రుజువు లేదు, నేను చెప్పే 1-3-7-16-35కు కూడా. పరిశోధనలో గట్టిగా తేలింది ఏమిటంటే, సరైన వ్యవధి పరీక్ష ఎంత దూరంలో ఉందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. సెపెడా బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో 1350 మందికి పైగా పాల్గొన్నారు. వారికి కొన్ని విషయాలు నేర్పి, కొంత వ్యవధి తరువాత ఒక్కసారి రివిజన్ చేయించి, ఆపైన పరీక్ష పెట్టారు. రివిజన్ తరువాత వారానికి పరీక్ష అయితే ఒక రోజు వ్యవధి ఉత్తమంగా పని చేసింది. 35 రోజులకు అయితే 11 రోజులు, 70 రోజులకు అయితే 21 రోజులు. దాదాపు ఏడాదికి అయినా ఉత్తమ వ్యవధి 21 రోజుల దగ్గరే వచ్చింది.

ఆ అధ్యయనంలో నాకు అన్నింటికంటే ఉపయోగపడిన సంగతి ఇంకొకటి: వ్యవధి మరీ తక్కువైతే జరిగే నష్టం, కొంచెం ఎక్కువైతే జరిగే నష్టం కంటే పెద్దది. కాబట్టి పరీక్షకు అయిదు నెలలున్నవారికి 2-3-5-7 మరీ దగ్గర. 1-7-30లో మొదటి రోజుకూ వారానికీ మధ్య ఖాళీ కొత్తగా చదివేవారికి పెద్దది, ఇంతకుముందు ఒకసారి చదివినవారికి సరిపోతుంది.

ఫోనులో ఆన్కీ యాప్ ఉంది కదా. డైరీ ఎందుకు?

ఒక ప్రశ్న, ఒక జవాబు ఉన్న విషయాలకు ఆన్కీ చాలా మంచిది. ఆర్టికల్ సంఖ్యలు, సవరణల సంవత్సరాలు, షెడ్యూళ్లు అందులో పెట్టుకోండి. ఇలాంటి యాప్‌లకు పునాది 1987లో పోలండ్‌కు చెందిన పియోటర్ వోజ్నియాక్ రూపొందించిన లెక్క. తొలి వ్యవధి 1 రోజు, రెండోది 6 రోజులు, ఆపైన ముందు వ్యవధిని ఒక గుణకంతో హెచ్చిస్తారు. అది 2.5తో మొదలై, కార్డు కష్టంగా ఉంటే 1.3 వరకు తగ్గుతుంది. అంటే ప్రతి కార్డుకూ దాని కష్టాన్ని బట్టి తేదీ పడుతుంది.

కానీ 32కూ 226కూ తేడా వివరించడం, ఐదు రిట్లనూ పక్కపక్కన పెట్టి పోల్చడం కార్డులో ఇమడవు. అధ్యాయాన్ని యాభై కార్డులుగా ముక్కలు చేస్తే ముక్కలు గుర్తుంటాయి, వాటి మధ్య సంబంధం గుర్తుండదు. అంకెలకు యాప్, అంశాలకు డైరీ.

### రివిజన్ చేసే రోజు

రివిజన్ అంటే నోట్సు మళ్లీ చదవడమే కదా?

కాదు. ముందు నోట్సు మూసి గుర్తు చేసుకోవడం, తరువాత తెరిచి సరిచూసుకోవడం. రోడిగర్, కార్పికీ అనే అమెరికన్ పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులకు ఒక పాఠం ఇచ్చారు. కొందరు రెండోసారి కూడా చదివారు, కొందరు చదవడానికి బదులు గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవారే కొంచెం ముందున్నారు. వారం తరువాత పెడితే తలకిందులైంది: మళ్లీ చదివినవారికి 42 శాతం, రాసినవారికి 56 శాతం గుర్తుంది. మళ్లీ చదివినప్పుడు ప్రతి వాక్యమూ తెలిసినట్టే అనిపిస్తుంది, ఆ తెలిసినట్టు అనిపించడమే మోసం చేస్తుంది.

ఒక అమ్మాయి రిట్ల రెండో రివిజన్ చేసిన కాగితం నా ఎదురుగా ఉంది. నల్ల ఇంకుతో ఐదు పేర్లూ వరుసగా రాసింది. హెబియస్ కార్పస్, మాండమస్, కో వారంటో పక్కన అర్థం, ఎవరి మీద జారీ అవుతుందో సరిగ్గా ఉంది. ప్రొహిబిషన్ పక్కన ‘కింది కోర్టు పరిధి దాటితే’ అని రాసి, సెర్షియోరరి పక్కన కూడా అదే వాక్యం రాసి, ఒక ప్రశ్నార్థకం పెట్టింది. 226 అసలు గుర్తు రాలేదు, అక్కడ ఖాళీ వదిలింది. అప్పటికి ఎనిమిది నిమిషాలయ్యాయి. తరువాత నోట్సు తెరిచి ఎర్ర ఇంకుతో దిద్దింది: ‘ప్రొహిబిషన్, విచారణ సాగుతుండగా ఆపడానికి, సెర్షియోరరి, ఉత్తర్వు వచ్చాక కొట్టివేయడానికి’. పదికి ఏడు. ఆ ఎర్ర ఇంకు భాగమే ఆ రోజు ఆమె నిజంగా చదివినది. నోట్సు తెరిచి చదివి ఉంటే ఆ రెండింటి మధ్య తేడా తనకు తెలియదన్న సంగతే బయటపడేది కాదు.

ఎన్ని మార్కులు వస్తే తరువాతి వ్యవధికి వెళ్లాలి?

పది ప్రశ్నల్లో ఎనిమిది, అంతకంటే ఎక్కువ వస్తే వరుసలో ముందుకు వెళ్లండి. అయిదు నుంచి ఏడు వస్తే అదే వ్యవధిని ఇంకోసారి వేయండి. అయిదుకు తగ్గితే నోట్సు పూర్తిగా చదివి, మరునాడే తేదీ వేసి, మళ్లీ 1 రోజు నుంచి మొదలుపెట్టండి.

ఉదాహరణకు జూన్ 6న, మూడు రోజుల రివిజన్‌లో, ఏడు వచ్చాయనుకోండి. తరువాతి తేదీ జూన్ 13 కాదు, మళ్లీ మూడు రోజులకు జూన్ 9. ఆ రోజు తొమ్మిది వస్తే అక్కడి నుంచి ఏడు రోజులకు జూన్ 16. మొత్తం పథకం మూడు రోజులే వెనక్కు జరిగింది. ఎనిమిది అన్న హద్దు నా అనుభవంలో కుదిరినది. దాన్ని పదికి పది చేసుకున్నవారు ఒక్క అంశం దగ్గరే తిరుగుతూ ఉండిపోయారు, ఆరుకు దించుకున్నవారికి ఆగస్టు వచ్చేసరికి పునాది మిగల్లేదు.

ఒకే ప్రశ్న ప్రతి రివిజన్‌లోనూ తప్పుతోంది. వ్యవధి తగ్గించాలా?

వ్యవధి కారణం కాకపోవచ్చు. మూడుసార్లు వరుసగా తప్పితే అది మరుపు కాదు, మొదటి రోజే అర్థం కాలేదని గుర్తు. అర్థం కానిదాన్ని ఎన్ని తేదీలు వేసి చదివినా నిలవదు. ఆ ఒక్క విషయాన్ని బయటకు తీసి, ఒక చిన్న సంఘటనగా రాసుకోండి. ఒక ట్రిబ్యునల్ తన పరిధిలో లేని భూమి తగాదాను విచారిస్తోంది, ఇంకా ఉత్తర్వు ఇవ్వలేదు. మీరు హైకోర్టుకు వెళితే ‘ఇక ఆపు’ అని చెప్పేది ప్రొహిబిషన్. మీరు వెళ్లడం ఆలస్యమై ఉత్తర్వు వచ్చేసింది. ఇక ఆపడానికి ఏమీ లేదు, ఉత్తర్వును కొట్టివేయాలి, అందుకు సెర్షియోరరి. ఇలా రాసుకున్నాక ఆ ప్రశ్నకు మాత్రం మరునాడు తేదీ వేయండి. మిగతా తొమ్మిది ప్రశ్నలను దానితో పాటు వెనక్కు లాగనక్కర్లేదు.

అన్నీ సులభంగా గుర్తొస్తున్నాయి. అయినా తేదీ ప్రకారం చేయాలా?

వరుసగా రెండుసార్లు పదికి పది, అదీ తడుముకోకుండా వస్తే, వరుసలో ఒక మెట్టు దాటేయండి. 7 తరువాత 16 కాకుండా 35 వేయండి. కొంచెం కష్టపడి గుర్తు చేసుకున్నప్పుడే రివిజన్ వల్ల ఎక్కువ లాభం.

### తేదీలు తప్పినప్పుడు

పెళ్లికని నాలుగు రోజులు ఊరు వెళ్లాను. పద్దెనిమిది రివిజన్లు పేరుకుపోయాయి. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

తక్కువ వ్యవధి ఉన్నవాటి నుంచి. ఆలస్యాన్ని వ్యవధితో పోల్చి చూడండి. మూడు రోజుల వ్యవధి ఉన్న అంశం నాలుగు రోజులు ఆలస్యమైతే అనుకున్నదానికి రెండింతలకు పైగా కాలం గడిచింది, అది ఇంకా మరుపు రేఖ నిటారు భాగంలోనే ఉంది. 35 రోజుల వ్యవధి ఉన్నది అదే నాలుగు రోజులు ఆలస్యమైతే 39 అయింది, ఆ చదును భాగంలో పెద్ద తేడా రాదు. డైరీలో తేదీ పక్కన వ్యవధి రాసుకుని ఉంటే ఈ ఎంపికకు ఒక నిమిషం చాలు.

బకాయి తీరేవరకు కొత్త అంశం ముట్టుకోకండి. కొత్తది చదివితే దాని రివిజన్లు కూడా వచ్చి చేరతాయి, కుప్ప తరగదు. పద్దెనిమిదినీ ఒకే రాత్రి ముగించాలని కూర్చోవద్దు. పన్నెండోదానికి వచ్చేసరికి గుర్తు చేసుకోవడం పోయి పేజీలు తిప్పడమే మిగులుతుంది. ఆ రోజు రావలసినవాటితో పాటు బకాయిలో అయిదారు చొప్పున తీర్చండి, మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది.

పదహారు రోజులకు చేయాల్సింది ఇరవై నాలుగు రోజులకు చేశాను, అయినా తొమ్మిది వచ్చాయి. తరువాతి తేదీ ఎలా?

పదహారును మరిచిపోండి, ఇరవై నాలుగు నుంచి లెక్కించండి. ఇరవై నాలుగు రోజులు నిలిచిందని కాగితమే చెప్పింది కాబట్టి, దానికి రెండింతలు, అంటే దాదాపు 50 రోజులకు తరువాతి తేదీ వేయవచ్చు. ఆలస్యమైనా గుర్తుందంటే ఆ అంశం మీరు అనుకున్నదానికంటే గట్టిగా నాటుకుంది.

### పరీక్ష దగ్గరపడ్డాక

పరీక్షకు నెలే ఉంది. ఇప్పుడు చదివే కొత్త అంశాలకు 1-3-7-16-35 కుదరదు కదా?

కుదరదు, కుదించాలి. నెల రోజులే ఉన్నప్పుడు 1, 4, 10 రోజుల వ్యవధులు వేయండి. అక్టోబరు 16న చదివితే 17న, 21న, 31న రివిజన్లు, నవంబరు 12న చివరి చూపు. అప్పుడు కూడా వ్యవధి పెరుగుతూ పోవాలి. భయంతో రోజూ చదివితే ఆ రోజుకు బాగున్నట్టు ఉంటుంది, పరీక్ష హాలు వరకు మిగలదు. చివరి పది రోజుల్లో కొత్త అంశం మొదలుపెట్టవద్దని నా సలహా. దానికి రెండు రివిజన్లే దొరుకుతాయి, అవి కూడా పాత అంశాల సమయంలోంచే వస్తాయి.

చివరి వారంలో అన్నీ ఒకసారి చూడాలా?

అన్ని పేజీలూ కాదు. రివిజన్ కాగితాల్లో ఎర్ర ఇంకుతో దిద్దిన వాక్యాలను మాత్రం చూడండి. నల్ల ఇంకుతో నాలుగుసార్లు సరిగ్గా రాసినది వారంలో పోదు. అంకెలు, సంవత్సరాలు, ఒకదానికొకటి తారుమారయ్యే జంటలు చివరి రెండు రోజులకు ఉంచుకోండి.

పరీక్ష వాయిదా పడింది. తేదీలన్నీ మళ్లీ మొదటి నుంచి వేయాలా?

అక్కర్లేదు. కొత్త తేదీ ఇంకా ప్రకటించకపోతే, ఇప్పటివరకు వచ్చిన చివరి వ్యవధికి రెండింతలు వేసి కొనసాగండి. అక్టోబరు 17న 75 రోజుల రివిజన్‌లో తొమ్మిది వచ్చి ఉంటే, మార్చి మధ్యలో దాన్ని మళ్లీ తెరిస్తే చాలు. పరీక్ష అంతకంటే ముందే వస్తే దాని ముందు వారానికి ఆ తేదీని జరపండి. జాగ్రత్త పడాల్సింది వాయిదాకు కొద్దిరోజుల ముందు హడావిడిగా చదివిన అంశాల విషయంలో. వాటికి 1, 4, 10 రోజుల రివిజన్లే అయి ఉంటాయి, వాటిని వదిలేస్తే నెలలో పోతాయి. డైరీలో వాటి కింద గీత గీసి, గత రివిజన్ నుంచి 16 రోజులకు తేదీ వేసి, అక్కడి నుంచి మామూలు వరుసలోకి తీసుకురండి.